టెక్ సందేహాలు: పాయింట్లు బోలెడున్నాయి, మెయిల్ మాత్రం కుదరట్లేదు

ప్రశ్న: సర్వీస్ సెంటర్‌కి మెయిల్ పెట్టాలండీ. ఫోన్‌లో ఇలా రాసుకున్నా. దీన్ని మర్యాదగా ఉండే పూర్తి మెయిల్‌గా మార్చడం నా వల్ల కావట్లేదు. ఎలా రాయాలో చెప్పండి.

- ల్యాప్‌టాప్ కొని 9 నెలలు, వారంటీ ఉంది
- స్క్రీన్ మీద గీతలు, జూన్ 12న ఇచ్చా. వారంలో ఇస్తామన్నారు
- ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు
- కౌంటర్‌లో అబ్బాయికి మహా పొగరు
- జూలై 2న ఇచ్చారు. గీతలు పోయాయి, టచ్‌ప్యాడ్ పోయింది!!
- లోపల కేబుల్ సరిగ్గా పెట్టి ఉండరు
- జూలై 4న ఫోన్ చేస్తే 4,800 అవుతుందన్నారు
- అమ్మాయికి జూలై 21 నుంచి ఆన్‌లైన్ పరీక్షలు
- పిన్, ఆధార్ కాపీ కూడా పంపమన్నారు
- కన్స్యూమర్ కోర్టుకి వెళ్తా
- జాబ్‌షీట్‌లో టచ్‌ప్యాడ్ ఓకే అని టిక్ ఉంది

జవాబు: ఇలాంటి నోట్సు నాకు తరచూ వస్తుంటాయి. వాటిలో చాలా వరకు, అదే వరుసలో, పైన ‘సర్’ చివర ‘థాంక్యూ’ తగిలించి అప్పటికే కంపెనీకి పంపేసినవే. జవాబు రాలేదని తర్వాత నాకు రాస్తారు. మీరు పంపకముందే అడిగారు, సంతోషం.

మీ నోట్సులో అన్నిటికంటే బలమైన పాయింటు చిట్టచివర ఉంది. ల్యాప్‌టాప్ తీసుకునేటప్పుడు వాళ్ల మనిషే టచ్‌ప్యాడ్ దగ్గర టిక్ పెట్టాడు. ఇవ్వకముందు బాగానే ఉందని మీరు ఎన్ని పేరాలు రాసినా ఆ టిక్‌కు సాటి రాదు. అసలు మీకేం కావాలో మాత్రం ఎక్కడా లేదు. ఉచితంగా బాగుచేయాలా? డబ్బు వెనక్కివ్వాలా? కొత్తది ఇవ్వాలా? మెయిల్ మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసింది అదొక్కటే. 9 నెలల ల్యాప్‌టాప్‌లో మరమ్మతు తర్వాత టచ్‌ప్యాడ్ పోతే, దాన్ని ఛార్జీ లేకుండా బాగుచేయమనడం న్యాయంగా ఉంటుంది, అవతలివాడు తన స్థాయిలోనే ఒప్పుకోగలడు కూడా. వాపసు అడిగారంటే ఫైలు పై అధికారికి పోతుంది, అక్కడే నిద్రపోతుంది.

జరిగింది జరిగినట్టు మొదటినుంచీ చెప్పడం మనకు అలవాటు. సర్వీస్ సెంటర్‌లో మెయిళ్లు చూసే మనిషికి తెరమీద కనిపించేది ‘విషయం’ అనే సబ్జెక్ట్ లైను, ఆ పక్కనే మొదటి వాక్యంలో కొంత ముక్క. ఆ ముక్కలో ‘నేను 9 నెలల క్రితం’ అని ఉంటే అతనికి తెలిసిందేమీ లేదు. కాబట్టి కోరిక ముందు, కథ తర్వాత. జాబ్‌షీట్ నంబరు మాత్రం విషయంలోనే ఉండాలి. చాలా చోట్ల మెయిళ్లు ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరిచ్చే టికెట్ సిస్టమ్‌లోకి వెళ్లిపోతాయి, నంబరుంటేనే పాత ఫైలు తగులుతుంది. తర్వాత రాసేవన్నీ అదే మెయిల్‌కు రిప్లైగా పంపండి. ప్రతిసారీ కొత్త విషయంతో కొత్త మెయిల్ కొడితే ఒక్క ల్యాప్‌టాప్‌కు నాలుగు టికెట్లు పుట్టి, ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియకుండా పోతుంది.

ఇక కోతలు. కౌంటర్ అబ్బాయి పొగరు తీసేయండి. నిజమే అయ్యుండొచ్చు, కానీ ఈ మెయిల్ అతని పక్క కుర్చీలోనే తెరుచుకోవచ్చు. ఫోన్లు ఎత్తకపోవడం కూడా అనవసరం, ఎత్తి 4,800 చెప్పిన తేదీ ఒక్కటి చాలు. కోర్టు మాట మొదటి మెయిల్‌లో వద్దు. వాళ్లు ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, మీరుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వీలూ 2019 చట్టంలో ఉంది. అక్కడిదాకా వెళితే ఈ మొదటి మెయిలే కాగితంగా పనికొస్తుంది. అప్పుడు చదివేవారికి బెదిరింపులు కాకుండా తేదీలు కనిపించాలి. అమ్మాయి పరీక్షల్లో ఉంచాల్సింది తేదీ మాత్రమే. గడువు ఎందుకు అడుగుతున్నారో అది చెబుతుంది.

కేబుల్ గురించి మీ అనుమానం అర్థంలేనిదేమీ కాదు. స్క్రీన్ మార్చడానికి చాలా మోడళ్లలో కింది మూత విప్పి బ్యాటరీ కనెక్షన్ తీస్తారు. టచ్‌ప్యాడ్‌కు వెళ్లే పట్టీలాంటి కేబుల్ అక్కడే ఉంటుంది, దాని క్లిప్ సరిగ్గా పడకపోతే టచ్‌ప్యాడ్ మూగబోతుంది. అయినా మెయిల్‌లో రాయకండి. మీరు కారణం చెబితే వాళ్లు కారణం మీద వాదిస్తారు. లక్షణం మాత్రం చెప్పండి. దానికోసం చిన్న పరీక్ష ఒకటి చేయండి: ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే F2 గానీ Del గానీ F10 గానీ (మోడల్‌ను బట్టి) నొక్కి, విండోస్ మొదలవకముందు వచ్చే బయోస్ అనే సెట్టింగ్స్ తెరలోకి వెళ్లి టచ్‌ప్యాడ్ కదిపి చూడండి. మౌస్ బాణం కనిపించే బయోస్ అయి, అక్కడా కదలకపోతే తప్పు విండోస్‌ది కాకపోవచ్చు. ‘ముందు డ్రైవర్ రీఇన్‌స్టాల్ చేయండి’ అనే తొలి జవాబును ఆ ఒక్క వాక్యం చాలావరకు ఆపుతుంది. మీ బయోస్‌లో బాణమే లేకపోతే ఆ వాక్యం వదిలేయండి.

సీరియల్ నంబరు కోసం ల్యాప్‌టాప్ తిరగేసి చిన్న అక్షరాలు చదవనక్కర్లేదు. స్టార్ట్ మెనూలో పవర్‌షెల్ అని వెతికి తెరిచి, ఇది కొట్టి ఎంటర్ నొక్కండి:

```
Get-CimInstance Win32_BIOS | Select SerialNumber
```

మీ నోట్సులో నన్ను కలవరపెట్టింది వేరే ఉంది, ఆ పిన్, ఆధార్ పాయింటు. దాన్నీ మిగతావాటితో పాటు మెయిల్‌లో పెట్టేసేవారేనా? విండోస్ పిన్ ఆ ల్యాప్‌టాప్‌కే పరిమితం, బయట పనికిరాదు, నిజమే. కానీ ఆ ల్యాప్‌టాప్ ఇప్పుడు వాళ్ల చేతిలోకే పోతోంది. పిన్ కొట్టి లోపలికెళ్లి బ్రౌజర్ తెరిస్తే, దాచుకున్న పాస్‌వర్డులు చూపించే ముందు అడిగేదీ అదే పిన్. మీ మెయిల్, బ్యాంకు, కరెంటు బిల్లు అన్నీ వరుసగా తెరుచుకుంటాయి. పైగా మనలో చాలామందికి ల్యాప్‌టాప్ పిన్, ఫోన్ పిన్, ఏటీఎం పిన్ ఒకటే. మెయిల్‌లో రాసిన పిన్ టికెట్‌లో అలాగే ఉండిపోతుంది. ఎవరు చదివారో మీకు తెలియదు, చెరిపేయడం మీ చేతిలో ఉండదు. టచ్‌ప్యాడ్ చూడటానికి మీ ఖాతాతో పనిలేదు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్‌కి వెళ్లి మైక్రోసాఫ్ట్ ఖాతా లేని కొత్త యూజర్ ఒకరిని చేర్చండి, అడ్మినిస్ట్రేటర్ హక్కులివ్వకండి. ఆ పేరు, దాని పాస్‌వర్డు కౌంటర్‌లో నోటిమాటగా చెప్పండి, ల్యాప్‌టాప్ ఇంటికి రాగానే ఆ ఖాతా తీసేయండి. డిస్కు విప్పి చదివేవాణ్ని ఇది ఆపదు, కాబట్టి ముఖ్యమైన ఫైళ్లు ముందే బ్యాకప్ తీసి పెట్టుకోండి.

ఆధార్ అయితే అసలు ఎందుకు? వారంటీకి కొన్న బిల్లు చాలు. గట్టిగా పట్టుబడితే యూఐడీఏఐ సైట్ నుంచి మాస్క్‌డ్ ఆధార్ దించుకోండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. మెయిల్ చిరునామా కూడా బిల్లు మీదో వారంటీ కార్డు మీదో ఉన్నదే తీసుకోండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే పైన తేలే నంబర్లలో దొంగలవీ ఉంటాయి. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నారంటే పెట్టేయండి ఫోను.

ఇప్పుడు మెయిల్:

విషయం: జాబ్‌షీట్ నం. (మీది) – మరమ్మతు తర్వాత టచ్‌ప్యాడ్ పనిచేయడం లేదు

సర్వీస్ మేనేజర్ గారికి నమస్కారం.

పై జాబ్‌షీట్ కింద మీ దగ్గర స్క్రీన్ బాగుచేయించుకున్న నా ల్యాప్‌టాప్‌లో (సీరియల్ నం. …), తిరిగి తీసుకున్న రోజు నుంచి టచ్‌ప్యాడ్ పనిచేయడం లేదు. వారంటీలోనే ఉంది కాబట్టి ఛార్జీ లేకుండా బాగుచేసి, జూలై 18లోగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

స్క్రీన్‌పై గీతలు రావడంతో ల్యాప్‌టాప్‌ను జూన్ 12న ఇచ్చాను. ఆ రోజు మీ సిబ్బంది నింపిన జాబ్‌షీట్‌లో టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నట్టు టిక్ ఉంది. జూలై 2న తిరిగి తీసుకున్నాను. గీతలు పూర్తిగా పోయాయి, అందుకు ధన్యవాదాలు. కానీ టచ్‌ప్యాడ్ స్పందించడం లేదు, బయోస్ తెరలోనూ అంతే. జూలై 4న ఫోన్ చేస్తే 4,800 రూపాయలు అవుతుందన్నారు. జాబ్‌షీట్ చూసి ఈ ఛార్జీ విషయం మరోసారి పరిశీలించగలరు.

జూలై 21 నుంచి మా అమ్మాయికి ఇదే ల్యాప్‌టాప్‌లో ఆన్‌లైన్ పరీక్షలున్నాయి. ఎప్పుడు తీసుకురమ్మంటారో జూలై 10లోగా తెలియజేస్తే ఆ రోజే తెచ్చి ఇస్తాను. తనిఖీకి కావలసిన లాగిన్ కౌంటర్‌లో చెబుతాను. జాబ్‌షీట్, బిల్లు, టచ్‌ప్యాడ్ వీడియో జతచేశాను.

ఇట్లు
(పేరు, ఫోన్ నంబరు)

ఇంతే. ఇంగ్లీషులో పంపినా ఇదే వరుస. గీతలు పోయినందుకు చెప్పిన ధన్యవాదం మెప్పు కోసం కాదు, వాళ్లు చేసిన పనిని ఒప్పుకుని చేయని పని అడుగుతున్నారన్నమాట. ‘గౌరవనీయులైన’, ‘తమరి అమూల్యమైన సమయం’ లాంటివి తగిలిస్తే మర్యాద పెరగదు, కోరిక కిందికి జారుతుంది. వీడియో పావు నిమిషం చాలు, జీమెయిల్‌లో అన్ని అటాచ్‌మెంట్లూ కలిపి 25 ఎంబీ దాటకూడదు.

టు గడి మాత్రం చివర నింపండి. కంట్రోల్, ఎంటర్ కలిసి తగిలితే జీమెయిల్ సగం రాసిన మెయిల్‌ను పంపేస్తుంది. సెట్టింగ్స్‌లో అన్‌డూ సెండ్‌ను 30 సెకన్లకు పెంచుకోండి, మామూలుగా ఉండేది 5 సెకన్లే.

ఇంత కష్టపడి మెయిల్ రాశాక, ఈ చిరునామాకు వచ్చిన మెయిళ్లు చూడబడవు అని మరుక్షణంలో జవాబొస్తే నాకైతే ఒళ్లు మండుతుంది. వేల రూపాయలు పోసి కొన్న వస్తువుకు మనిషి చదివే చిరునామా ఒక్కటి ఇవ్వలేరా? బదులుగా ఒక ఫారం ఇస్తారు. అందులో సమస్యల పట్టీ ఉంటుంది, ‘మీరు బాగుచేశాక పాడైంది’ అనే సమస్య మాత్రం ఉండదు. వివరాల గడిలో 500 అక్షరాలు దాటితే మిగతాది మాట మాత్రం చెప్పకుండా కోసేస్తారు. మీకూ అదే ఎదురైతే పై మెయిల్‌లో మొదటి పేరా, దాని కింద జాబ్‌షీట్‌లో టిక్ ఉందన్న వాక్యం పెట్టండి, ఆ గడిలో సరిపోతాయి. సబ్మిట్ నొక్కే ముందు తెర ఫొటో తీసుకోండి, ఆ ఫారాల్లో చాలావాటికి కాపీ మీ మెయిల్‌కు రాదు.