గ్లాసు పగలగొట్టింది ఎవరు? ఫ్రెంచ్‌లో ‘సె... కి’, ‘సె... క’

సందేహం: ఫ్రెంచ్ క్లాసులో ‘సె రవి కి ఆ కాసే ల వేర్’ అన్న వాక్యాన్ని తెలుగు చేయమన్నారు. ‘అది రవి, ఎవరైతే గ్లాసు పగలగొట్టాడో’ అని రాశాను. ఇది సరైన తెలుగేనా? అసలు ఆ ‘సె’ దేనికి? ఒకచోట ‘కి’, ఇంకోచోట ‘క’ ఎందుకు వస్తాయి?

సమాధానం: సరైన తెలుగు కాదండి. మన ఇళ్ళలో అందరూ అనే మాట ‘గ్లాసు పగలగొట్టింది రవి’. ఫ్రెంచ్ వాక్యానికి అదే అచ్చమైన తెలుగు. గ్లాసు పగిలిన సంగతి వినేవాళ్ళకు ముందే తెలుసు, ఎవరన్నదే తేలాలి. అలాంటప్పుడు ఈ రెండు భాషలూ వాక్యాన్ని రెండు ముక్కలు చేసి, తెలిసిన భాగాన్ని ఒక పక్కకు, చెప్పదలచుకున్న మాటను ఇంకో పక్కకు పెడతాయి. మనం ఆ మాటను చివర పెడతాం, ఫ్రెంచ్‌వాళ్ళు ‘సె’ చేర్చి ముందుకు తెస్తారు.

మామూలు వాక్యం ‘రవి ఆ కాసే ల వేర్’. ఇందులో ‘రవి’ని గట్టిగా పలికితే సరిపోదా అంటే, ఫ్రెంచ్‌లో అది అంత తేలిక కాదు. ఆ భాషలో ఊనిక సాధారణంగా మాటల గుంపులో చివరి అక్షరం మీదే పడుతుంది. మనకున్నట్టు ‘రవే’ అని ‘ఏ’ తగిలించే వీలూ లేదు. అందుకే మాట్లాడే ఫ్రెంచ్‌లో ఈ ‘సె’ వాక్యాలు అడుగడుగునా వినిపిస్తాయి.

ఇక ‘కి’, ‘క’ల సంగతి. ముందుకు తెచ్చిన మాట కర్త అయితే ‘కి’, మరేదైనా ‘క’. ‘సె ల వేర్ క రవి ఆ కాసే’ అంటే ‘రవి పగలగొట్టింది గ్లాసు’, కప్పు కాదని. ‘సెత్ యేర్ క రవి ఆ కాసే ల వేర్’ అంటే ‘రవి గ్లాసు పగలగొట్టింది నిన్న’. తెలుగులో మూడింటికీ ‘పగలగొట్టింది’ ఒక్కటే చాలు కాబట్టి ఈ తేడా మనకు కొత్తగా ఉంటుంది.

విభక్తి దగ్గర మాత్రం తెలుగువాళ్ళకు పని సులువు. ‘నేను మాట్లాడింది రవితో’ అంటాం. ‘తో’ను రవికే అంటిపెడతాం, క్రియ దగ్గర వదిలేయం. ఫ్రెంచ్ కూడా అంతే: ‘సె అవెక్ రవి క జె పార్లే’. ‘అవెక్’ అంటే ‘తో’, అది రవితోపాటే ముందుకు వచ్చేసింది. తెలుగు వాక్యాన్ని మనసులో అనుకుని ఫ్రెంచ్‌లో పెట్టినా ఇక్కడ తప్పు రాదు.

మన అలవాటు దెబ్బతీసేది క్రియ దగ్గర. తెలుగులో ‘పగలగొట్టింది నేను’, ‘పగలగొట్టింది మీరు’, ‘పగలగొట్టింది వాళ్ళు’ అంటాం. మనిషి ఎవరైనా ఆ ‘ది’ మారదు. ఫ్రెంచ్‌లో మారుతుంది. ‘నేను’ అయితే ‘సె మ్వా కి ఎ కాసే’, ‘మీరు’ అయితే ‘సె వు కి అవే కాసే’. ‘కి’ ముందు ఉన్నది ఎవరో చూసి క్రియ మారాలి. మనవాళ్ళు ‘సె మ్వా కి ఆ కాసే’ అనేస్తుంటారు. మాటల్లో కొందరు ఫ్రెంచ్‌వాళ్ళ నోటా ఇది వినిపిస్తుంది కానీ, పరీక్షలో రాస్తే మార్కు పోతుంది. ఇంకో సంగతి, ‘నేను’కు మామూలుగా వాడే ‘జ’ ఇక్కడ పనికిరాదు, ‘మ్వా’ అనే రూపమే రావాలి.

చెవికి దొరకని తేడా ఒకటుంది. అచ్చు ముందు వస్తే ‘క’లోని అచ్చు పోతుంది, ‘కి’ మాత్రం చెక్కుచెదరదు. ‘అతను’ అనే ‘ఇల్’ ముందు ‘క’ చేరితే ‘కిల్’ అవుతుంది. ‘కి’ తర్వాత ‘అతన్ని’ అనే ‘ల్’ వచ్చినా ‘కిల్’ అనే వినిపిస్తుంది. కాబట్టి ‘సె రవి కిలా వ్యు’ అని ఎవరైనా అంటే, ‘అతను చూసింది రవిని’ కావచ్చు, ‘అతన్ని చూసింది రవి’ కావచ్చు. రాతలో లోపచిహ్నం ఎక్కడుందో చూసి పోల్చుకోవాలి. విన్నప్పుడు మాత్రం సందర్భమే దిక్కు. తెలుగులో ‘ని’ ఒక్కటి ఉండటంతో ఈ చిక్కు లేదు.

ఎప్పుడు వాడాలో తెలియకపోతే వాక్యాన్ని ‘కాదు’తో చెప్పి చూడండి. ‘నేను గ్లాసు పగలగొట్టలేదు’ అంటే గ్లాసు ఇంకా బాగానే ఉండొచ్చు. ‘గ్లాసు పగలగొట్టింది నేను కాదు’ అంటే పగిలిందని ఒప్పుకున్నట్టే, ఎవరో ఒకరు పగలగొట్టారన్నట్టే. ఫ్రెంచ్‌లో ఈ రెండోదానికి ‘స నె పా మ్వా కి ఎ కాసే ల వేర్’ అంటారు. గ్లాసు సంగతే తెలియని మనిషితో ఈ వాక్యం మొదలుపెడితే, ఏ గ్లాసు అని ఎదురు అడుగుతారు.