జీతంలో కోతలు ఆపమని పేరోల్‌కు రాయడం

క్లబ్ చందా, యూనియన్ చందా, సొసైటీ పొదుపు నా జీతంలోంచి కట్ అవుతున్నాయి. ఆపించాలంటే ఎవరికి చెప్పాలి? క్లబ్బుకి రాజీనామా ఇస్తే చాలదా?

చాలదు, కోత ఆపమని పేరోల్ విభాగానికే విడిగా రాసివ్వాలి. ఇలాంటి కోతలు మీరు సంతకం చేసిన అనుమతి పత్రం మీదే నడుస్తాయి. దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం అందేదాకా పేరోల్ ప్రతి నెలా కోస్తూనే ఉంటుంది. క్లబ్బులో మీరున్నారో లేదో దానికి తెలియదు.

ఉదాహరణకు, గాజువాకలో ఒక ఫ్యాక్టరీ ఉద్యోగికి క్లబ్బు 200, యూనియన్ 50, సొసైటీ పొదుపు 1,000 రూపాయలు కట్ అవుతున్నాయనుకుందాం. లేఖలో ఉద్యోగి నంబరు, పే స్లిప్‌లో ఉన్నట్టే కోత పేరు, మొత్తం, ఏ నెల జీతం నుంచి ఆపాలో రాయాలి. "అన్ని కోతలూ ఆపండి" అంటే ఆ లేఖ తిరిగి రావచ్చు, ఎందుకంటే పీఎఫ్, పన్ను ఆపే వీల్లేదు. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ నెల పేరోల్ 15న ముగిస్తే, 18న ఇచ్చిన లేఖ వచ్చే నెలకే పనిచేస్తుంది. సొసైటీలో అప్పుంటే మాత్రం అది తీరేదాకా వాయిదా కోత ఆగదు, పొదుపు ఆపడానికీ సొసైటీ ఒప్పుకోవాలి.

చాలామంది పొరపడేది ఇక్కడే: కోత ఆగితే సభ్యత్వం పోయినట్టు కాదు. క్లబ్బుకి విడిగా రాజీనామా ఇవ్వకపోతే చందా బాకీగా పేరుకుంటుంది.