మకరతోరణాన్ని ఎక్కడ కోయాలి, పెగ్గును ఎలా పడుకోబెట్టాలి

ప్రశ్న: మా దేవుడి మందిరానికి 480 మిల్లీమీటర్ల వెడల్పు, 390 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న మకరతోరణాన్ని త్రీడీ ప్రింట్ చేయాలనుకున్నాను. నా ప్రింటర్ బెడ్ 220 మిల్లీమీటర్లే. ఫైలును ప్రింట్‌కు సిద్ధం చేసే స్లైసర్ సాఫ్ట్‌వేర్‌లో ముక్కలుగా కోసి, వాటిని కలిపే పెగ్గులు పెట్టాను. బిగించేటప్పుడు మూడు పెగ్గులు విరిగిపోయాయి, మిగిలినచోట ముందువైపు సన్నటి సందు కనిపిస్తోంది. ఎక్కడ పొరపాటు జరిగింది? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: ఈ ఏడాది నాకు వచ్చిన త్రీడీ ప్రింటింగ్ సందేహాల్లో పెగ్గులు విరగడం గురించిన ఫిర్యాదే మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. దాదాపు ప్రతిసారీ కారణం ఒక్కటే. ప్రింటర్ వస్తువును పొర మీద పొరగా పోస్తుంది కాబట్టి, ఒక పొరలోని ప్లాస్టిక్ ఎంత గట్టిగా ఉన్నా పొరకూ పొరకూ మధ్య అతుకు బలహీనంగానే ఉంటుంది. పెగ్గు బెడ్ మీద నిలువుగా పెరిగితే దాని పొడవంతా అలాంటి అడ్డ అతుకులే ఉంటాయి, పక్కకు కాస్త ఒత్తిడి పడగానే మొదలు దగ్గర తుంపినట్టు విరుగుతుంది. మీ విరిగిన పెగ్గు మొదలును వేలితో తడిమి చూడండి. అది నున్నగా, బల్లపరుపుగా తెగి ఉంటే మీ పెగ్గులూ అలాగే పోయాయని అర్థం.

కాబట్టి పెగ్గు ముక్కలో భాగంగా పుట్టకూడదు. రెండు ముక్కల్లోనూ రంధ్రాలే ఉండాలి, పెగ్గును విడిగా పడుకోబెట్టి ప్రింట్ చేసి రెంటి మధ్య దూర్చాలి. అప్పుడు ప్లాస్టిక్ గీతలు పెగ్గు పొడవునా సాగుతాయి, అంత తేలిగ్గా విరగదు. కొన్ని స్లైసర్లలో `Cut` పనిముట్టు తెరిచి కనెక్టర్లు పెట్టేటప్పుడు `Plug` ఎంచుకుంటే పెగ్గు ముక్కకు అతుక్కొని వస్తుంది, `Dowel` ఎంచుకుంటే విడిగా వస్తుంది. మీకు కావలసింది `Dowel`. విడిగా వచ్చిన పెగ్గులు బెడ్ మీద నిలబడి ఉంటే వాటిని పడుకోబెట్టడం మరచిపోకండి, లేకపోతే చేసిన పనంతా వృథా అవుతుంది. ఈ రెండింటి మధ్య తేడాను పొరల దిశతో ముడిపెట్టి ఒక్క వాక్యంలో హెచ్చరించే స్లైసర్ నాకు ఇంతవరకు కనబడలేదు. కొత్తగా ప్రింటర్ కొన్నవారు మొదట తగిలిన ఐచ్ఛికంతోనే ముందుకు వెళతారని తెలిసి కూడా ఆ హెచ్చరిక పెట్టకపోవడం అశ్రద్ధే.

ఇక కోత సంగతి. పనిముట్టు తెరవగానే కనబడే కోత తలం వస్తువు ఎత్తుకు సరిగ్గా సగంలో, బెడ్‌కు సమాంతరంగా ఉంటుంది. తోరణాన్ని నిలబెట్టి ఉంచితే అది మీకు నచ్చిన నగిషీ గుండానో మకరం మెడ గుండానో పోతుంది, పడుకోబెట్టి ఉంచితే తోరణాన్ని ముందు రేకు, వెనక రేకుగా చీలుస్తుంది. ఎక్కడ కోయాలో చెప్పవలసింది ప్రింటర్ కొలత కాదు, తోరణం రూపమే. బెడ్ 220 మిల్లీమీటర్లని రాసి ఉన్నా అంచు లేవకుండా చుట్టూ వేసే 5 మిల్లీమీటర్ల బ్రిమ్‌ను తీసేస్తే మనకు మిగిలేది 210. ఆ హద్దుకు లోబడి నేనైతే మీ తోరణాన్ని ఇలా కోస్తాను. మీ ఫైలులో మందం 24 మిల్లీమీటర్లు, ఒక్కో స్తంభం వెడల్పు 70 మిల్లీమీటర్లు ఉన్నాయనుకుందాం.

స్తంభం ముగిసి మకరం మొదలయ్యే చోట సాధారణంగా ఒక పట్టీ ఉంటుంది. అది కింది నుంచి 190 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే మొదటి అడ్డకోత ఆ పట్టీ అడుగున ఉన్న గాడిలోనే పడాలి. ఆ గాడి నీడలో అతుకు గీత కలిసిపోతుంది. ఈ ఒక్క కోతతో రెండు స్తంభాలూ విడిపోతాయి. పై భాగం 200 మిల్లీమీటర్ల ఎత్తుతో, ఇంకా 480 వెడల్పుతో మిగులుతుంది. దాన్ని నడిమి సింహముఖానికి అటూ ఇటూ, ఎడమ నుంచి 165 దగ్గర, 315 దగ్గర నిలువునా కోయాలి. ముఖం ఉన్న 150 మిల్లీమీటర్ల ముక్క చెక్కు చెదరకుండా ఒకటిగా వస్తుంది. మొత్తం ఐదు ముక్కలు, నాలుగు అతుకులు. సరిగ్గా మధ్యకు కోస్తే ఒక్కో సగం 240 మిల్లీమీటర్లు వచ్చి బెడ్‌లో పట్టదు, పైగా సింహం ముక్కు మీద గీత పడుతుంది, దాన్ని ఎంత పుట్టీ పెట్టి రుద్దినా దీపం వెలుగు పక్క నుంచి పడితే కనబడుతూనే ఉంటుంది.

ఐదు ముక్కల్నీ వీపు కిందకు ఉండేలా పడుకోబెట్టే ప్రింట్ చేయాలి. నగిషీ పైకి ఉంటుంది, పెగ్గు రంధ్రాలు బెడ్‌కు సమాంతరంగా వస్తాయి. ఇక్కడ గుండ్రటి రంధ్రం పెట్టకండి. అడ్డంగా ఉన్న గుండ్రటి రంధ్రానికి పైకప్పు కొద్దిగా వాలి, లోపలి ఆకారం చెడుతుంది. 6 మిల్లీమీటర్ల చదరపు రంధ్రమైతే ఆ చిన్న కప్పును ప్రింటర్ సపోర్ట్ లేకుండానే దాటగలదు, చదరపు పెగ్గు కూడా బెడ్ మీద కదలకుండా పడుకుంటుంది. రంధ్రం లోతు రెండువైపులా పదిహేనేసి మిల్లీమీటర్లు, పెగ్గు పొడవు 28 ఉంటే చాలు. మిగిలిన 2 మిల్లీమీటర్లు జిగురుకూ గాలికీ చోటు. ఆ చోటు లేకపోతే లోపల చిక్కుకున్న జిగురు ముక్కలను దగ్గరకు రానివ్వదు.

రంధ్రం పెగ్గుకన్నా ఎంత పెద్దదిగా ఉండాలన్నది ప్రింటర్‌ను బట్టి, ఫిలమెంట్‌ను బట్టి మారుతుంది కనుక ఎవరో చెప్పిన అంకెను నమ్మవద్దు. 6 మిల్లీమీటర్ల పెగ్గుకు 6.2 నుంచి 6.4 మధ్యలో ఎక్కడో సరిపోతుంది గాని ఆ ఎక్కడన్నది పరీక్షించి తెలుసుకోవలసిందే. కోడ్ రాసి ఆకారాలు తయారుచేసే ఓపెన్‌స్కాడ్‌లో ఈ చిన్న కొలతదిమ్మను తయారు చేసుకోండి. 6.1 నుంచి 6.5 వరకు ఐదు రంధ్రాలూ, ఒక పెగ్గూ వస్తాయి.

```
difference() {
  cube([70, 24, 24]);
  for (i = [0:4])
    translate([5 + i*13, -1, 9])
      cube([6.1 + i*0.1, 16, 6.1 + i*0.1]);
}
translate([0, -15, 0]) cube([28, 6, 6]);
```

దిమ్మ మందం తోరణం మందమే, రంధ్రాలు కూడా అదే ఎత్తులో, అదే దిశలో ఉన్నాయి. అందువల్ల ఇందులో తేలిన కొలత అసలు ముక్కలకూ పనికొస్తుంది. దిమ్మను తిప్పి నిలబెట్టి ప్రింట్ చేయకండి. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి, తలకిందులు చేస్తే జారిపడని రంధ్రమే మీది. సుత్తి అవసరమైతే అది బిగువు, ఊపితే కదిలితే అది వదులు.

ఒక్కో అతుకుకు రెండు పెగ్గులు చాలు. స్తంభం వెడల్పు 70 మిల్లీమీటర్లు కాబట్టి వాటి మధ్య దూరం 45 దాకా ఉంచవచ్చు. రెండూ బిగువుగా ఉంటే మాత్రం ఇబ్బందే. వాటి మధ్య దూరం రెండు ముక్కల్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒకటి దూరితే ఇంకొకటి దూరదు, అక్కడ బలం ఉపయోగిస్తే పెగ్గు విరుగుతుంది లేదా రంధ్రం గోడ పగులుతుంది. మొదటి రంధ్రాన్ని పరీక్షలో తేలిన కొలతలోనే ఉంచి, రెండోదాన్ని సన్నటి ఆకురాయితో కుడి ఎడమ గోడల వైపు మాత్రం కొద్దిగా రాయండి. కప్పునూ అడుగునూ ముట్టుకోవద్దు, ఎందుకంటే ముందు ముఖాలు ఒకే మట్టంలో నిలవడం వాటి బిగువు మీదే ఆధారపడి ఉంటుంది. ఎడమ స్తంభంలో పెగ్గుల దూరం 45 పెడితే కుడి స్తంభంలో 40 పెట్టండి. అద్దంలో ప్రతిబింబాల్లాంటి ఆ రెండు ముక్కలనూ ఒకదాని చోట ఒకటి అతికించి తరువాత బాధపడ్డవారు నాకు ఉత్తరాలు రాశారు.

మీరు చెప్పిన ముందువైపు సందుకు పెగ్గులు కారణం కాకపోవచ్చు. మొదటి పొరను ప్రింటర్ బెడ్‌కు నొక్కి పోస్తుంది కాబట్టి అది పక్కకు కాస్త ఉబ్బి, ముక్క అడుగు అంచున సన్నటి పెదవిలా నిలుస్తుంది. ముక్కలు వీపు మీద పడుకొని పుట్టాయి గనుక ఆ పెదవి అతుకు ముఖానికి వెనకవైపు ఉంటుంది. ఒక్కో ముక్కకు 0.2 మిల్లీమీటర్ల పెదవి ఉంటే రెండూ తగిలి ముందువైపు 0.4 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. దాన్ని చేత్తో నొక్కి మూసివేశారో, 24 మిల్లీమీటర్ల మందంలో వచ్చిన ఆ వంపు 190 మిల్లీమీటర్ల స్తంభం కొసకు చేరేసరికి 3 మిల్లీమీటర్లు దాటుతుంది, తోరణం గోడకు ఆనదు. ముక్క వెనక అంచు మీద గోరు గీసి చూడండి, గోరు తట్టుకుంటే పెదవి ఉన్నట్టే. ఉన్న ముక్కలకు బ్లేడుతో ఆ అంచును గీకేయండి. మళ్లీ ప్రింట్ చేసేటప్పుడు `Elephant foot compensation` దగ్గర 0.2 ఇచ్చి చూడండి. పెగ్గులకు కూడా ఇదే పెదవి వస్తుంది, వాటినీ గీకాలి.

ఇంత శ్రమ ఎందుకని, ముందే కోసి పెగ్గులు పెట్టిన `.3mf` ప్రాజెక్టు ఫైళ్లను ఎక్కడెక్కడి నుంచో దించుకునేవారు ఎక్కువవుతున్నారు. నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఇదే. `.stl` ఫైలులో ఆకారం తప్ప మరేమీ ఉండదు, కాని `.3mf` ప్రాజెక్టు తనతో ప్రింటింగ్ అమరికలను కూడా మోసుకొస్తుంది. ఆ అమరికల్లో `Post-processing scripts` అనే గడి ఒకటి ఉంది. అందులో రాసిన ఆదేశాన్ని స్లైసర్, ప్రింటర్‌ను నడిపే ఆదేశాల ఫైలైన జీకోడ్‌ను ఎగుమతి చేసే క్షణంలో మీ కంప్యూటర్ మీద, మీకున్న అధికారాలతో నడిపిస్తుంది. నిజాయితీగా వాడేవారికి అది మంచి సౌకర్యం. చెడ్డవాడి చేతిలో అది మీ ఫైళ్లనూ, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లనూ తాకగల దారి. తెర మీద తోరణం ముక్కలు ముచ్చటగా కనబడుతుంటే లోపల ఆదేశం ఉందన్న అనుమానం ఎవరికీ రాదు. కొన్ని స్లైసర్ల కొత్త వెర్షన్లు ఇలాంటి ఫైలు తెరిచినప్పుడు హెచ్చరిస్తున్నాయి గాని, ప్రింటర్‌తో పాటు వచ్చిన పాత వెర్షన్‌నే ఏళ్ల తరబడి వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. అపరిచితుల ప్రాజెక్టును తెరిచేటప్పుడు ఆకారాన్ని మాత్రమే తీసుకునే ఐచ్ఛికాన్ని ఎంచుకోండి. ప్రాజెక్టుగానే తెరవవలసి వస్తే ఎగుమతికి ముందు ఆ గడి ఖాళీగా ఉందో లేదో చూడండి. ఏదైనా రాసి ఉండి అది మీకు అర్థం కాకపోతే తుడిచేయండి. వేరే ప్రింటర్ కోసం తయారైన జీకోడ్‌ను అసలే పంపకండి, మీ నాజిల్ వేడినీ కదలికనూ నేరుగా శాసించేది అదే.

అతికించే ముందు ఐదు ముక్కలనూ పొడిగా బిగించి, చదునైన గాజు పలక మీద వెల్లకిల పెట్టి, స్తంభాల అడుగుల మధ్య దూరం కొలిచి రాసుకోండి. తరువాత గాజు మీద పలుచని ప్లాస్టిక్ కాగితం పరచి, ముందుగా ఒక్కో స్తంభాన్ని దాని పై ముక్కకు అతికించండి. అవి ఆరాక సింహముఖం ముక్కకు రెండువైపులా కలిపి, రాసుకున్న దూరం వచ్చేలా సరిచేయండి. జిగురు అతుకు ముఖానికి పట్టించాలి, పెగ్గుకు చుక్క చాలు. బరువు మోసేది ఆ ముఖాల మీది జిగురే, పెగ్గు పని ముక్కను సరైన చోట నిలపడం వరకే. పీఎల్ఏకు సూపర్ గ్లూ బాగా పట్టుకుంటుంది గాని సెకన్లలో బిగుసుకుంటుంది, సరిదిద్దే వ్యవధి కావాలంటే రెండు భాగాలు కలిపే ఎపాక్సీ వాడండి. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కనుక దీపపు కుందిని తోరణం స్తంభాలకు దూరంగా, జ్వాల వేడి పైనున్న మకరాలకు తగలని చోట పెట్టండి.