అబ్బకు ఆ ఫోటో సంగతి ఎట్లా చెప్పాలంటే

అల్లుడికి మామ ఆశీస్సులు.

కువైట్‌లో ఉన్న మీ అన్న మొన్నటి జాతరలో అవతలి వర్గంవాళ్ల పక్కన నిలబడినట్టు ఫోన్లో ఫోటో వచ్చిందని, "కళ్లారా చూసినాను, దొంగచాటుగా వచ్చిపోయినాడు" అని మీ అబ్బ పట్టు పట్టాడని రాశావు. ఆయన దగ్గర కంప్యూటర్, యాప్ అనే మాటలే ఎత్తకు. "మీ సదువులు మాకు తెలీవులే" అని తుండుగుడ్డ దులుపుకుని లేచిపోతాడు.

మీ నడవలో గోడకున్న ఫోటో కిందికి దించు. మీ అబ్బవాళ్ల అమ్మానాయన పక్కపక్కన కూర్చున్న ఫోటో అది. వాళ్లిద్దరూ కలిసి ఏనాడూ కెమెరా ముందు కూర్చోలేదు. ఆ పెద్దాయన పోయినాక ప్రొద్దుటూరులో నా స్టూడియోలో నేనే చేసిచ్చాను. పట్టా పుస్తకం కోసం ఆయన తీయించుకున్న చిన్న ఫోటోను పెద్దది చేసి, మనిషి చుట్టూ బ్లేడుతో కోశాను. అంచులు వెనకవైపు గరుకు కాగితంతో పల్చగా అరగదీసి, ఆమె ఫోటో పక్కన అంటించి, అతుకు మీద సన్న బ్రష్షుతో రంగు అద్దాను. ఆ మొత్తాన్ని మళ్లీ కెమెరాతో ఫోటో తీశాను. కొత్త నెగెటివ్‌లో అతుకు మామూలు కంటికి కనబడదు. అసలు పని అంతా ఆ చివరి మెట్టులోనే ఉంది. ఇదంతా చెప్పి, "మీ నాయన ఆ పొద్దు స్టూడియోకు వచ్చినాడా అబ్బా?" అని అడుగు.

తర్వాత అరుగు మీద ఆయన్నే ఫోటో తియ్యి. ఖాళీ గండికోట ఫోటో ఒకటి చూపించు. ఆయన చూస్తుండగానే ఫోన్లో ఆయన్ను అందులో పెట్టు. తయారైనదాన్ని తెచ్చి చూపిస్తే నమ్మడు, చేస్తుండగా చూడాలి.

అప్పుడు జాతర ఫోటో పెద్దది చేసి నీడలు చూడమను. సేద్యగానికి ఎండ సంగతి నువ్వు చెప్పక్కర్లేదు. అందరికీ ఎండ ఒక పక్కనుంచి, మీ అన్న మొహానికి ఇంకో పక్కనుంచి పడుతుంటే ఆయనే పట్టేస్తాడు. జుట్టు అంచు, మెడ దగ్గర రంగు కూడా చూడండి. కానీ ఏ తప్పూ దొరకలేదని ఫోటో నిజమనుకోవద్దు. ఇప్పుడు మనిషి ఫోటో ఒకటుంటే చాలు, కోసి అతికించే పని లేకుండా నీడతో సహా కొత్త బొమ్మ పుట్టించే ఏఐ వచ్చింది. నా బ్లేడు పనికైతే ఎక్కడో ఒక గుర్తు మిగిలేది.

అందుకని బొమ్మ బయట వెతకండి. ఆ ఫోటో ఎవరు తీశారు? అదే చోట ఇంకెవరైనా తీసిన ఫోటోల్లో మీ అన్న ఉన్నాడా? వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోకు తీసిన తేదీ వివరాలు ఊడిపోతాయి కాబట్టి తీసినవాడి ఫోన్లోనే చూడాలి. మీ అన్నను పాస్‌పోర్టు పేజీలు ఫోటో తీసి పంపమను, వచ్చిపోయి ఉంటే మామూలుగా ఎయిర్‌పోర్టు ముద్రలుంటాయి. "అదీ అతికించిందేనేమో" అని అబ్బ అంటే కోప్పడకు, ఆయనకు అర్థమైందన్నమాట. అప్పుడు మీ అన్న గదిలో ఉండే మన జిల్లావాళ్లతో ఫోన్లో మాట్లాడించు.