ఇంటర్వ్యూ ఆహ్వానం, అదే రోజు ప్రాక్టికల్: ఏ బటన్ నొక్కాలి?

ప్రశ్న: మాది సఖినేటిపల్లి. మా అమ్మాయి భీమవరంలో బీటెక్ చివరి ఏడాది చదువుతోంది. ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూ మెయిల్ వచ్చింది. మంగళవారం ఉదయం 11 గంటలకు వీడియో కాల్ అట. ఆ రోజే 10 నుంచి 1 గంట వరకు ప్రాక్టికల్ పరీక్ష ఉంది. మెయిల్‌లో Yes, Maybe, No అని బటన్లు ఉన్నాయి. No నొక్కితే అవకాశం పోతుందేమోనని అమ్మాయి భయపడుతోంది. ఆ మెయిల్ నాకూ పంపింది. నేను ఏది నొక్కాలి?

జవాబు: ముందుగా ఒక మాట. మీ ఫోనులో మీరు ఏదీ నొక్కకండి. గూగుల్ క్యాలెండర్ పంపే ఆహ్వానం అడుగున, దాన్ని ఇతరులకు పంపితే వారు మీ సమాధానాన్ని మార్చే వీలుందని, వారే అతిథుల జాబితాలో చేరవచ్చని హెచ్చరిక ఉంటుంది. మీరు నొక్కితే మీ అమ్మాయి పేరు మీద సమాధానం వెళ్లిపోవచ్చు, లేదా ఇంటర్వ్యూ జాబితాలో మీ చిరునామా కనిపించవచ్చు. సమాధానం ఇవ్వాల్సింది ఆమే, ఆహ్వానం వచ్చిన మెయిల్ ఖాతా నుంచే.

ఇక బటన్ల సంగతి. Yes అంటే ఆ సమయానికి వస్తున్నట్టే. వాళ్లు ఆ సమయాన్ని ఆమెకోసం ఖాళీగా ఉంచుతారు. పరీక్ష ఉందని తెలిసి Yes నొక్కడం సరికాదు. No నొక్కినంత మాత్రాన దరఖాస్తు రద్దు కాదు, ఆ సమయానికి రాలేనని మాత్రమే వెళుతుంది. కానీ కారణం రాయకపోతే ఉద్యోగం మీదే ఆసక్తి లేదని అవతలివాళ్లు అనుకునే ప్రమాదం ఉంది. Maybe ఇంటర్వ్యూకు అసలు పనికిరాదు. రావచ్చు, రాకపోవచ్చు అంటే వాళ్లు ఎలా ఏర్పాటు చేసుకుంటారు?

ఆమెకు కావలసింది నాలుగోది: Propose a new time. కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి ఆ ఇంటర్వ్యూ మీద నొక్కితే, సమాధానాల బటన్ల పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాని కింద ఇది దొరుకుతుంది. తేదీ, సమయం ఎంచుకుని, కింద సందేశం రాసి పంపాలి.

ఏ సమయం అడగాలన్నది తొందరపడకుండా ఆలోచించండి. పరీక్ష 1 గంటకు అయిపోతుంది కదా అని 2 గంటలకు అడగవద్దు. భీమవరం నుంచి నరసాపురం చేరి, పంటు ఎక్కి గోదావరి దాటి ఇల్లు చేరాలి. పంటు కోసం రేవులో ఎంతసేపు నిలబడాలో మీకు నాకంటే బాగా తెలుసు. వీడియో కాల్ నది మధ్యలో మొదలైతే ఆమె ఏం మాట్లాడగలదు? బుధవారం ఉదయం 11 గంటలు అడిగితే మంచిది. ఆ పెట్టెలో ఒకే సమయం పడుతుంది కాబట్టి, రెండోదాన్ని సందేశంలో రాయాలి. మూడు వాక్యాలు చాలు: ఇంటర్వ్యూకు పిలిచినందుకు కృతజ్ఞతలు, మంగళవారం 10 నుంచి 1 వరకు విశ్వవిద్యాలయ ప్రాక్టికల్ పరీక్ష ఉంది, బుధవారం 11 గంటలకు గానీ గురువారం మధ్యాహ్నం 3 గంటలకు గానీ సిద్ధంగా ఉంటాను. క్షమాపణలతో పేరా నింపనక్కర్లేదు.

ఇప్పుడు అసలైన విషయం. పంపగానే సమయం మారిపోదు. అది కేవలం విన్నపం. కంపెనీవారు ఆ ప్రతిపాదన చూసి, ఒప్పుకుని భద్రపరిస్తేనే మారుతుంది. అంతవరకు క్యాలెండర్‌లో మంగళవారం 11 గంటలే ఉంటుంది. నా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థి ప్రతిపాదన పంపి నిశ్చింతగా ఉన్నాడు. అవతల ఆ మెయిల్ ఎవరూ తెరవలేదు. పాత సమయానికి వాళ్లు కాల్‌లో ఎదురుచూశారు, ఇతను రాలేదు. తప్పు ఎవరిదైనా నష్టపోయింది ఇతనే.

మారిందని తెలిసే గుర్తు ఒకటే: Updated invitation అనే మాటతో మొదలయ్యే కొత్త మెయిల్. అది వచ్చాక కొత్త తేదీ చూసి Yes నొక్కాలి. పని రోజు ఒకటి గడిచినా రాకపోతే, ఆహ్వానం పంపిన వారికి విడిగా మెయిల్ రాయాలి, నంబర్ ఉంటే ఫోను చేయాలి. సోమవారం మధ్యాహ్నానికి కూడా జవాబు లేకపోతే No నొక్కి, అదే కారణాన్ని జతచేయాలి. అప్పుడు కనీసం ఎవరూ ఆమె కోసం ఎదురుచూడరు.

కంపెనీ గూగుల్ క్యాలెండర్‌కు బదులు మైక్రోసాఫ్ట్ వారి అవుట్‌లుక్ వాడుతుంటే, ఆహ్వానం పంపినవారు వేరే సమయం కోరే వీలును ముందే ఆపి ఉండవచ్చు. ఆ బటన్ కనబడకపోతే అదే మూడు వాక్యాలను మామూలు జవాబుగా పంపాలి. ఆ జవాబు క్యాలెండర్‌లో నమోదు కాదు కాబట్టి, దానితోపాటు No కూడా నొక్కాలి.

మరొకటి: సమయం పక్కన India Standard Time అని ఉందో లేదో చూడమనండి. వేరే దేశపు సమయం ఉంటే 11 గంటలు మన 11 కాదు, అప్పుడు పరీక్షతో ఇబ్బందే లేకపోవచ్చు.