ఇల్లు అత్తగారి పేరున ఉంటే కోడలికి అందులో ఉండే హక్కు లేనట్లేనా?

ప్రశ్న: నాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది, ఏడేళ్ళ పాప ఉంది. గుంటూరులో మా అత్తగారి పేరున ఉన్న ఇంట్లో, వాళ్ళు కింద, మేము పై వాటాలో ఉండేవాళ్ళం. మా ఆయన నా మీద చాలాసార్లు చేయి చేసుకున్నారు. నాలుగు నెలల క్రితం గొడవపడి బెంగళూరు వెళ్ళిపోయారు, డబ్బు పంపడం మానేశారు. మా అమ్మకు ఆపరేషన్ అయితే పాపతో ఒంగోలు వెళ్ళి తిరిగి వచ్చేసరికి మెట్ల గేటుకు కొత్త తాళం వేసి ఉంది. ఇల్లు తమదనీ, కొడుకుతో సంబంధం లేదని పేపర్లో ప్రకటన కూడా ఇచ్చామనీ, మళ్ళీ వస్తే ఆర్డీవో దగ్గర కేసు వేస్తామనీ మామగారు అంటున్నారు. పోలీసులేమో ఇది సివిల్ తగాదా అన్నారు. నాకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఉందా? – ఒక పాఠకురాలు

జవాబు: ఉంది. అయితే అది ఆ ఇంట్లో వాటా అడిగే హక్కు కాదు, నివసించే హక్కు మాత్రమే. 2005 నాటి గృహహింస చట్టం సెక్షన్ 17 ప్రకారం, కుటుంబ సంబంధంలో ఉన్న ప్రతి మహిళకూ తాను కాపురం ఉన్న ఇంట్లో ఆ ఇంటిమీద యాజమాన్యం ఉన్నా లేకపోయినా నివసించే హక్కు ఉంటుంది. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఆమెను అక్కడినుంచి వెళ్ళగొట్టడానికి గానీ, లోపలికి రానివ్వకుండా ఆపడానికి గానీ వీల్లేదు. గేటుకు తాళం వేయడం చట్టం నిర్దేశించిన పద్ధతి కాదు.

మీ మామగారు అంత ధీమాగా మాట్లాడడానికి ఒక పాత తీర్పు కారణమై ఉండవచ్చు. 2006 డిసెంబరులో ఎస్.ఆర్. బాత్రా కేసులో సుప్రీంకోర్టు, భర్తకు చెందిన ఇల్లో, భర్త అద్దెకు తీసుకున్న ఇల్లో, భర్త సభ్యుడిగా ఉన్న ఉమ్మడి కుటుంబపు ఇల్లో అయితేనే కోడలు నివాస హక్కు అడగగలదనీ, అత్తగారి సొంత ఇంట్లో అడగలేదనీ చెప్పింది. ఆ తర్వాత దాదాపు పద్నాలుగేళ్ళ పాటు ఎన్నో కుటుంబాలు ఈ తీర్పును చూపించే కోడళ్ళను బయట నిలబెట్టాయి. 2020 అక్టోబరు 15న సతీష్ చందర్ అహూజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు సరైనది కాదని తేల్చింది. మామగారి స్వార్జితమైన ఇల్లయినా, భర్త బంధువుల్లో ఎవరి ఇల్లయినా, అక్కడ ఆమె కుటుంబ సంబంధంలో స్థిరంగా కాపురం ఉన్నట్లయితే అది చట్టం దృష్టిలో ఆమె కాపురం ఉన్న ఇల్లే అవుతుంది. పండక్కి వెళ్ళి నాలుగు రోజులు ఉన్న ఇల్లు మాత్రం అలా కాదు. తొమ్మిదేళ్ళు ఒకేచోట ఉన్న మీ విషయంలో ఈ స్థిరత్వం గురించి పెద్దగా సందేహం రాదు.

పత్రికా ప్రకటన గురించి రెండు మాటలు చాలు. కొడుకుతో సంబంధం తెంచుకున్నామని తల్లిదండ్రులు ఇచ్చే ప్రకటన ఒక కోర్టు ఉత్తర్వు కాదు, అదొక్కటే మీ నివాస హక్కును తీసివేయలేదు. పైగా కొడుకు వెళ్ళిపోయిన కొద్దికాలానికే కోడలు బయటపడేలా ప్రకటన, తాళం వరుసగా వచ్చాయంటే, ముగ్గురూ కలిసి చేసిన పని అని వాదించడానికి అది మీకే ఆధారమవుతుంది. ఆ పత్రిక ప్రతిని దాచుకోండి.

ఇక అసలు విషయం మీ పిటిషన్‌లో ఏం అడగాలన్నది. గృహహింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. సెక్షన్ 3లో ఆర్థిక హింసకు ఇచ్చిన వివరణలో, కాపురం ఉన్న ఇంట్లోకి ప్రవేశాన్ని నిషేధించడం, అడ్డుకోవడం స్పష్టంగా చేరి ఉన్నాయి. అంటే ఆ తాళమే గృహహింస. దీన్ని సివిల్ తగాదా అని పంపించివేసే ముందు పోలీసులు ఈ వివరణ చదివి ఉంటే బాగుండేది. సెక్షన్ 5 ప్రకారం, గృహహింస ఫిర్యాదు అందిన పోలీసు అధికారి ఈ చట్టం కింద ఎలాంటి ఉత్తర్వులు కోరవచ్చో, దీని అమలు కోసం ప్రభుత్వం నియమించిన రక్షణ అధికారి ఎక్కడ ఉంటారో, ఉచిత న్యాయసహాయం ఎలా దొరుకుతుందో బాధితురాలికి చెప్పాలి కూడా.

చాలామంది ఇలాంటి కేసులో సెక్షన్ 19 కింద నివాస ఉత్తర్వు ఒక్కటే అడిగి ఊరుకుంటారు. అందులో ఒక చిక్కు ఉంది. ఉత్తర్వును ధిక్కరిస్తే ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చని సెక్షన్ 31 చెబుతుంది. అది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, నాన్‌బెయిలబుల్ నేరం. కానీ ఆ సెక్షన్‌లో ఉన్నది రక్షణ ఉత్తర్వు, మధ్యంతర రక్షణ ఉత్తర్వు అన్న మాటలే. కాబట్టి రేపు గేటు తీయించాక మళ్ళీ తాళం పడితే, ఉల్లంఘించింది నివాస ఉత్తర్వునే కదా, దానికి సెక్షన్ 31 వర్తించదు అన్న వాదన ఎదురవుతుంది. దీనికి మందు ముందే వేసుకోవాలి. సెక్షన్ 18 కింద రక్షణ ఉత్తర్వు అడిగేటప్పుడే మెట్ల గేటుకు తాళం వేయకూడదని, పై వాటాకు కరెంటు, నీళ్ళు ఆపకూడదని, అందులోని సామాను, స్త్రీధనం తరలించకూడదని, మిమ్మల్నీ పాపనూ బెదిరించకూడదని ఒక్కొక్క పనినీ పేరు పెట్టి రాయించండి. ఉత్తర్వులో పేర్కొన్న ఏ ఇతర పనినైనా నిషేధించే అధికారం ఆ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది. సెక్షన్ 19 కింద పై వాటాలోకి తిరిగి ప్రవేశం కల్పించాలని, ఉత్తర్వు అమలుకు దగ్గరి పోలీసు స్టేషన్ అధికారి సాయపడేలా ఆదేశించాలని దానికి తోడుగా అడగండి.

మొత్తం ఇల్లు అడగవద్దు. మీ భర్తను ఇల్లు విడిచి వెళ్ళమని కోరవచ్చు గానీ, ఒక మహిళపై అలాంటి ఉత్తర్వు ఇవ్వరాదని సెక్షన్ 19లోనే నిబంధన ఉంది కనుక అత్తగారిని ఖాళీ చేయించమని అడిగితే అది నిలవదు. పైగా వృద్ధులను రోడ్డున పడేయాలని చూస్తోందన్న మాట మీ మీదికి వస్తుంది. వాళ్ళు కింద, మీరు పైన ఉండే పాత ఏర్పాటునే కొనసాగించమని కోరడం మీకు బలం. ప్రతివాదులుగా భర్తను, అత్తమామలను చేర్చండి. ఎక్కడో కాపురం చేసుకుంటున్న ఆడపడుచులనూ, వాళ్ళ భర్తలనూ చేర్చే అలవాటు ఒకటి ఉంది. వాళ్ళు హైకోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకుంటే మీ కేసే ఆగిపోవచ్చు.

ఈ కేసు గుంటూరులోనూ వేయవచ్చు, తాత్కాలికంగా మీరు ఉంటున్న ఒంగోలులోనూ వేయవచ్చు. నా ఉద్దేశంలో గుంటూరే మేలు, ఎందుకంటే తాళం తీయించవలసిన పోలీసులు, ఇల్లు చూసి నివేదిక ఇవ్వగలిగిన రక్షణ అధికారి అక్కడే ఉంటారు. రక్షణ అధికారి గురించి మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో అడగండి. ఆయన నివేదిక లేకపోయినా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చని 2022 మే నెలలో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, నివేదిక ఆలస్యమైతే పిటిషన్ ఆపుకోకండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

పిటిషన్‌తో పాటే మధ్యంతర ఉత్తర్వు కోసం సెక్షన్ 23 కింద ఫారం 3లో అఫిడవిట్ వేయండి. తొలి విచారణ సాధారణంగా మూడు రోజుల్లోగా ఉండాలని, కేసు అరవై రోజుల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. అసలు కేసు ఆ గడువులో ముగియడం అరుదు కనుక మీకు పనికొచ్చేది ఈ మధ్యంతర ఉత్తర్వే. దీనికి కావలసిన ఆధారాలు సామాన్యమైనవి: ఆ చిరునామాతో మీ ఆధార్, రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, పాప స్కూలు రికార్డులో ఉన్న ఇంటి చిరునామా, తాళం వేసిన గేటు ఫోటో, ఒంగోలు ఆసుపత్రి డిశ్చార్జి కాగితం. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మీరు ఇష్టపూర్వకంగా కాపురం వదిలి వెళ్ళిపోయారన్న వాదన తప్పక వస్తుంది, దానికి సమాధానం అదే. పైన మీకు వేరే వంటగది ఉంటే, అసలు మాతో కలిసి ఉండనేలేదు అని కూడా అంటారు. అందుకని ఒకే కరెంటు మీటరు, పండగలు కలిసి చేసుకున్న ఫోటోలు, ఇరుగుపొరుగు వారి మాట సిద్ధంగా ఉంచుకోండి. ఈలోగా తాళం మీరే పగలగొట్టకండి. పెద్దమనుషుల పంచాయితీలో సామాను తీసుకోనిస్తామంటూ, ఇష్టపూర్వకంగా ఖాళీ చేశానని రాసిన కాగితం మీద సంతకం అడిగితే అస్సలు పెట్టకండి.

ఆర్డీవో బెదిరింపును తేలిగ్గా తీసుకోకూడదు, భయపడనూ అక్కర్లేదు. వృద్ధుల ఫిర్యాదులు వినే ట్రిబ్యునల్‌గా ఆర్డీవోయే వ్యవహరిస్తారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్ నుంచి ఖాళీ చేయించే ఉత్తర్వు తెచ్చుకుని కోడలిని పంపేసే పద్ధతిని 2020 డిసెంబరులో ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు ఆమోదించలేదు. బెంగళూరుకు చెందిన ఆ కేసులో ఇల్లు మొదట భర్త కొన్నాడు, తండ్రికి అమ్మాడు, ఆ తండ్రి దాన్ని భార్యకు దానంగా రాశాడు. వృద్ధుల చట్టాన్నీ గృహహింస చట్టాన్నీ కలిపి చూడాలే తప్ప ఒకదానితో రెండోదాన్ని రద్దు చేయకూడదని చెప్పి, ఖాళీ చేయించే ఉత్తర్వును పక్కనపెట్టి, గృహహింస చట్టం కింద తన హక్కు కోరుకోవడానికి ఆమెకు ఏడాది వ్యవధి ఇచ్చి, అంతవరకు బలవంతంగా వెళ్ళగొట్టవద్దని కోర్టు ఆదేశించింది. కాబట్టి మీకు నోటీసు వస్తే హాజరై, గృహహింస పిటిషన్ ప్రతినీ, ఉత్తర్వు వస్తే దాని ప్రతినీ దాఖలు చేయండి. హాజరు కాకపోతే మీ వైపు మాట లేకుండానే ఉత్తర్వు వస్తుంది.

ఈ హక్కుకు హద్దు కూడా ఉంది. అహూజా తీర్పులోనే, కోడలి నివాస హక్కు తిరుగులేనిదేమీ కాదని, వృద్ధాప్యంలో అత్తమామలు ప్రశాంతంగా బ్రతికే హక్కుతో దాన్ని సమతూకం చేయాలని ఉంది. వాళ్ళు సివిల్ కోర్టులో ఖాళీ చేయించే దావా వేయవచ్చు. మీ మధ్యంతర ఉత్తర్వు ఆ దావాను ఆపదు. అయితే ఇల్లు వాళ్ళదన్న సంగతి మీరు ఒప్పుకున్నారు కాబట్టి వెంటనే డిక్రీ ఇచ్చేయాలంటే కుదరదు, మీ నివాస హక్కుపై విచారణ జరగాలి. సెక్షన్ 26 ప్రకారం ఆ దావాలోనే మీరు కూడా నివాస ఉత్తర్వు కోరవచ్చు.

చాలా కేసులు చివరకు చేరే చోటు మరొకటి. సెక్షన్ 19లోనే, మీరు ఇంతవరకు ఉన్న స్థాయికి తగిన వేరే ఇల్లు చూపించమని గానీ, దాని అద్దె కట్టమని గానీ ప్రతివాదిని ఆదేశించే వీలుంది. బెంగళూరులో ఉన్న మీ భర్తకు జీతం ఉంటే, పిటిషన్‌లో దీన్ని ప్రత్యామ్నాయంగా రాయించి, సెక్షన్ 20 కింద మీకూ పాపకూ జీవనభృతి కూడా అడగండి. రోజూ గొడవపడే మెట్లకంటే పాప స్కూలు దగ్గర ఒక అద్దె ఇల్లు మేలని మీకే అనిపించవచ్చు. అలా అనిపించినా, అద్దె ఉత్తర్వు వచ్చి, రెండు మూడు నెలల అద్దె నిజంగా చేతికందేవరకు పై వాటా మీద మీ హక్కును వదులుకుంటున్నట్లు కోర్టులో గానీ బయట గానీ రాసి ఇవ్వకండి.