మేనబావ మిర్చి కంపెనీకి ఆరు లక్షలు: అప్పా, వాటానా?

"సార్, హనుమకొండలో ప్రైవేట్ జూనియర్ కాలేజీ లెక్చరర్ని. మా మేనబావ రెండేళ్ల కింద మిర్చి పొడి కంపెనీ పెట్టిండు, ప్రైవేట్ లిమిటెడ్. నెలకు లక్షా ఇరవై వేల అమ్మకం ఉందట. ఇప్పుడు ఆరు లక్షలు అడుగుతున్నడు. అప్పుగా ఇస్తే రూపాయి మిత్తి, లేదంటే పది శాతం వాటా తీసుకో అంటున్నడు. నా దగ్గర ఎఫ్‌డీల్లో 11 లక్షలున్నయి, బిడ్డ మూడేళ్లల్ల ఇంజినీరింగ్‌కు వస్తది. కాదంటే మేనత్త బాధపడ్తది. ఏది తీసుకోవాలె?"

అప్పా వాటానా అని ఆలోచించే ముందు ఎంత ఇవ్వగలరో తేల్చుకోండి, ఎందుకంటే ఆరు లక్షలన్నది మీ మేనబావ అవసరం, మీ స్తోమత కాదు. 11 లక్షల్లోంచి ఆరు నెలల ఇంటి ఖర్చు, ఒక మూడు లక్షలనుకుందాం, పక్కన పెట్టండి. ప్రైవేట్ కాలేజీ ఉద్యోగం కదా, అది ముట్టుకోవద్దు. బిడ్డ మొదటి రెండేళ్ల ఫీజు, హాస్టల్ కింద నాలుగు లక్షలు తీసేయండి. మిగిలింది నాలుగు. అందులో సగం, అంటే రెండు లక్షలు, పూర్తిగా పోయినా మీ ఇల్లు నడుస్తుంది. నా లెక్కలో మీ గరిష్ఠం అంతే. మేనత్తకు చెప్పడానికి కూడా "ఇయ్యను" కన్నా "నా దగ్గర రెండే ఉన్నయి" అనడం తేలిక.

ఇక రూపాయి మిత్తి సంగతి. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. ఎఫ్‌డీ ఏడు శాతం ఇస్తుందనుకుంటే మీకు అదనంగా వచ్చేది ఐదు శాతం, ఆరు లక్షల మీద ఏడాదికి 30 వేలు. మిత్తి మీ ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది కాబట్టి చేతికి వచ్చేది ఇంకా తక్కువే. ఆ 30 వేల కోసం ఆరు లక్షలు రిస్కులో పెడుతున్నారు. ఇలాంటి ఏడాది అప్పులు 20 మందికి ఇచ్చి అందులో ఒక్కరు ముంచారనుకోండి, మిగతా 19 మంది ఇచ్చిన అదనపు మిత్తి 5 లక్షల 70 వేలు, పోయిన అసలు 6 లక్షలు. మునిగేది ఇరవైలో ఒక్కటే అని మీకు గట్టి నమ్మకం ఉన్నా లాభం లేదు. అందుకే చుట్టాలకిచ్చే అప్పును నేను మిత్తి కోసం ఇమ్మనను. ఇస్తే సాయంగా ఇవ్వండి, కానీ కాగితం మాత్రం షావుకారు రాయించుకున్నట్టే రాయించుకోండి.

వాటా లెక్క వేరు. ఆరు లక్షలకు పది శాతం అంటే కంపెనీ విలువ 60 లక్షలని మీ మేనబావ చెబుతున్నట్టు. ఏడాదికి 14 లక్షల 40 వేల అమ్మకం ఉన్న దుకాణానికి అది చాలా ఎక్కువ. ఇంత రిస్కుకు ఏడాదికి కనీసం 25 శాతం రాకపోతే అనవసరం, అంటే ఐదేళ్లలో మీ ఆరు లక్షలు 18 లక్షలు దాటాలి. అప్పటికీ మీ వాటా పది శాతమే ఉంటే కంపెనీ విలువ కోటీ 83 లక్షలు కావాలి. లాభానికి పది రెట్లు పెట్టి కొనేవాడు దొరికాడనుకున్నా ఏడాదికి 18 లక్షల నికర లాభం చూపాలి, అదీ మీ మేనబావ తన జీతం తీసుకున్నాక. మసాలా పొడుల్లో నూటికి ఎనిమిది మిగిలితే అమ్మకం నెలకు 19 లక్షలు ఉండాలి, కిలో 300 చొప్పున ఆరు టన్నులకు పైనే. ఇప్పుడు అమ్ముతున్నది నాలుగు క్వింటాళ్లు. ఈ మధ్యలో ఇంకెవరైనా కొత్త షేర్లు కొంటే మీ పది కాస్తా ఏడో ఎనిమిదో అవుతుంది, లక్ష్యం ఇంకా దూరం జరుగుతుంది. పైగా ప్రైవేట్ లిమిటెడ్ షేర్లు అమ్ముకోవాలంటే బజారు లేదు, మీ మేనబావే కొనాలి లేదా ఆయన ఒప్పుకున్న మనిషి కొనాలి.

కాబట్టి అసలు అడగాల్సింది ఆ ఆరు లక్షలు దేనికని. మీ దగ్గరి సంగతే చూడండి, ఏనుమాముల యార్డుకు మిర్చి జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అప్పుడు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటే ఏడాదంతా పట్టించి అమ్ముకోవచ్చు. సరుకు కోసమే అయితే ఆ డబ్బు మళ్లీ పైసలుగా మారుతుంది, దానికి అప్పు సరిపోతుంది, గడువు వచ్చే సీజన్ ముందుదాకా పెట్టుకోవచ్చు. మెషిన్, ప్యాకింగ్, ఆన్‌లైన్ ప్రకటనలకు అయితే ఆ డబ్బు తిరిగొచ్చే తేదీ ఉండదు, అప్పు ఇస్తే మీ మిత్తి కూడా కొత్త అప్పుతోనే కడతాడు. పాత బాకీలు తీర్చడానికైతే రెండూ వద్దు.

ఏది నిజమో నోటి మాటతో తేలదు. ఏడాది జీఎస్టీ రిటర్నులు, కంపెనీ బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆయన సిబిల్ రిపోర్టు అడగండి. అమ్మకం లక్షా ఇరవై వేలన్నారు, బ్యాంకులో పడేది 70 వేలే అయితే మిగతాది కిరాణా షాపుల్లో ఉద్దర కింద ఉందన్నమాట. ఏ షాపు ఎంత బాకీ ఉందో, ఎన్ని నెలల నుంచో లిస్టు చూడండి, ఆర్నెల్లు దాటిన ఉద్దరను నేను సున్నాగానే లెక్కేస్తాను. ముద్ర లోన్ ఎందుకు తీసుకోలేదో కూడా అడగండి. ఇంత మొత్తానికి తాకట్టు అక్కర్లేదు, బ్యాంకు కాదని ఉంటే ఆ కారణం మీకూ వర్తిస్తుంది.

మీ రెండు లక్షలకు నేనైతే అప్పే అంటాను, అదీ సరుకుకైతేనే. అప్పు కంపెనీ పేరు మీద ఇవ్వకండి. మనకు మేనబావకు మించిన చుట్టం లేడు గానీ, కంపెనీ చట్టం లెక్కలో మేనబావ చుట్టమే కాడు, డైరెక్టర్ కాని మీలాంటి వాళ్ల దగ్గర కంపెనీ అప్పు తీసుకుంటే అది డిపాజిట్ కిందికొచ్చి లేనిపోని తలనొప్పి. ఆయన పేరు మీదే ప్రామిసరీ నోటు రాయించుకోండి, రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం పెట్టించండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకుంటే తీసుకున్నంత జరిమానా పడొచ్చు, అది పడేది ఆయనకు, తిట్లు పడేది మీకు.

నోటు తేదీ నుంచి మూడేళ్లు దాటితే కోర్టుకు వెళ్లినా లాభం లేదు. అందుకని ఎంత కట్టినా, ఫోన్‌పేలో కట్టినా సరే, నోటు వెనక చెల్లు రాయించుకోండి: తేదీ, మొత్తం, ఆయన సంతకం. గడువు లోపల అలా రాసి సంతకం చేస్తే మూడేళ్లు మళ్లీ ఆ తేదీ నుంచి మొదలవుతాయి. మొహమాటపడి ఇక్కడే చాలామంది వదిలేస్తారు.

అయినా వాటాయే కావాలంటే ఒక్క సంగతి చూడండి. కొత్త షేర్లు ఇస్తున్నాడా, తనవే అమ్ముతున్నాడా? తనవి అమ్మితే డబ్బు ఆయన జేబులోకి పోతుంది, కంపెనీకి రూపాయి రాదు. కొత్తవైతే డబ్బు కంపెనీ ప్రత్యేక ఖాతాకే పంపండి, 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, ఆ తర్వాత రెండు నెలల్లో సర్టిఫికెట్ ఇవ్వాలి. కేటాయింపు వివరాలు PAS-3 ఫారంలో దాఖలైందో లేదో mca.gov.in లో చూసుకోండి. అందులో మీ పేరు లేకపోతే మీరు ఇచ్చింది వాటా కాదు, చేతి బదులు.